కార్డులో 61, మెమోలో ఫెయిల్: ఇంటర్నల్, బోర్డు మార్కులు కలిపిన ఒక బడి కథ

నల్లగొండ జిల్లాలోని ఒక మండల కేంద్రం. అక్కడి ప్రైవేటు హైస్కూల్లో పదో తరగతి రెండు సెక్షన్లు. నేను లెక్కల టీచర్‌ని. పనిలో పనిగా చుట్టుపక్కల బడులకు ఫలితాల షీట్లు తయారు చేసిస్తుంటాను. 2025 మేలో ఈ బడి వాళ్లు పిలిచిన కేసు ఇది. పిల్లలను, బడిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. మార్కుల లెక్క మాత్రం మార్చలేదు.

నేపథ్యం

తెలంగాణ పదో తరగతిలో ఒక్కో సబ్జెక్టుకు 100 మార్కులు. అందులో 80 బోర్డు రాత పరీక్షవి, 20 ఇంటర్నల్‌వి. ఏడాదిలో నాలుగు ఎఫ్ఏలు, అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు జరుగుతాయి. ఒక్కోటి 20 మార్కులకు. ఆ ఇరవైలో పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని, స్లిప్ టెస్టు అని నాలుగు భాగాలు, ఒక్కో భాగానికి 5. నాలుగు ఎఫ్ఏల సగటే ఇంటర్నల్ మార్కు. పబ్లిక్ పరీక్షలకు ముందే బడి దాన్ని ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఆ తరువాత బోర్డు తన 80కి వచ్చిన మార్కును దానికి కూడి ఫలితం ఇస్తుంది. సైన్సుకు రాత పరీక్ష రెండు పేపర్లు, ఫిజికల్ 40, బయాలజీ 40. కానీ మెమోలో అది ఒకే సబ్జెక్టు.

2025కు ముందు కొన్నేళ్లపాటు మెమోలో గ్రేడ్లు, జీపీఏ మాత్రమే వచ్చేవి. 2025 ఫలితాల నుంచి ఇంటర్నల్ ఎంతో, రాత పరీక్షలో ఎంతో సబ్జెక్టు వారీగా అచ్చు వేస్తున్నారు. ఈ కేసు బయటపడింది ఆ మార్పు వల్లే. అంతకుముందు బడి కార్డులో ఒక లెక్క, బోర్డులో ఇంకో లెక్క ఉన్నా రెండూ పక్కపక్కన పెట్టి చూసేందుకు తల్లిదండ్రుల చేతిలో ఏమీ ఉండేది కాదు.

బోర్డు ఫలితాలు వచ్చాక ఈ బడి తన వంతుగా మరో పని చేసేది. ఆరో తరగతి నుంచి పది దాకా అందరికీ ఒకే నమూనాలో ఫైనల్ ప్రోగ్రెస్ కార్డు ఇచ్చేది. 2025లో మెమోలో మార్కులు వచ్చేసరికి పదో తరగతి పిల్లల బోర్డు మార్కులను కూడా తమ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, ఎఫ్ఏలతో కలిపి శాతం, ర్యాంకు తీసింది. ఆ ర్యాంకు చూసే బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు.

సమస్య ఎలా వచ్చింది

రైసు మిల్లులో హమాలీగా పనిచేసే ఒక తండ్రి రెండు కాగితాలు పట్టుకుని హెడ్మాస్టర్ దగ్గరికి వచ్చాడు. ఒకటి బడి కార్డు, రెండోది నెట్ సెంటర్లో తీసిన మెమో ప్రింటు. కొడుకు లెక్కల్లో తప్పాడు. కార్డులో మాత్రం లెక్కలకు 61, పాస్, బి2 గ్రేడు.

"సార్, మీ కార్డుల అరవై ఒకటి ఉన్నది. గా మెమోల ఫెయిల్ అంటున్నరు. బోర్డోళ్లు తప్పు చేసిన్రు గదా, రీకౌంటింగుకు కడ్త" అన్నాడు. సబ్జెక్టుకు 500 రూపాయలు. ఆయనకది చిన్న మొత్తం కాదు. డబ్బుల కంటే నాకు టెన్షన్ పెట్టిన విషయం వేరే. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ జూన్‌లోనే. బోర్డే పొరపడిందని ఇంట్లో అందరూ నమ్మితే ఆ కుర్రాడు పుస్తకం తెరవడు.

అదే వారం ఫ్లెక్సీ గొడవ మొదలైంది. బడి కార్డు ప్రకారం ఫస్ట్ వచ్చిన అబ్బాయికి మెమోలో 600కు 527. కార్డులో వెనకబడిన ఒక అమ్మాయికి 546. ఫ్లెక్సీలో అబ్బాయి ఫొటో పెద్దగా పడింది. అమ్మాయి వాళ్ల మామయ్య కరస్పాండెంట్‌కు ఫోన్ చేసి గట్టిగానే అడిగాడు.

ముందుగా చూసింది: 61 ఎక్కడిది

సాఫ్ట్‌వేర్ లోపల ఏ సూత్రం ఉందో ఆపరేటర్‌కు తెలియదు. అమ్మిన వాళ్లు ఫోన్ ఎత్తరు. ఇలాంటప్పుడు లోపల ఏముందో ఊహించడం కంటే, బయటికి వచ్చిన అంకెను పట్టుకుని వెనక్కి నడవడం తేలిక. ఆ కుర్రాడికి లెక్కల్లో ఇంటర్నల్ 19, రాత పరీక్షలో 22. కూడితే 41. 61 కాదు. శాతాలుగా మార్చి చూశాను. 20కి 19 అంటే 95. 80కి 22 అంటే 27.5. ఈ రెండింటి సగటు 61.25. కార్డులో ఉన్నది అదే.

ఒక్కడితో సరిపోయిందని నమ్మకూడదు. కాకతాళీయంగా కలిసే అంకెలు చాలా ఉంటాయి. ఫ్లెక్సీ పిల్లలిద్దరివీ వేశాను. అమ్మాయికి ఆరు సబ్జెక్టుల్లో ఇంటర్నల్ 120కి 93, రాత పరీక్ష 480కి 453. ఏడాది మధ్యలో వేరే ఊరి నుంచి వచ్చి చేరింది, మొదటి ఎఫ్ఏల్లో ప్రాజెక్టులు తక్కువ పడ్డాయి. 77.5 శాతం, 94.4 శాతం, సగటు 85.9. అబ్బాయికి 119, 408. అంటే 99.2, 85, సగటు 92.1. రెండూ కార్డుతో సరిపోయాయి. నిజానికి 600 మీద చూస్తే అమ్మాయిది 91 శాతం, అబ్బాయిది 87.8.

సాఫ్ట్‌వేర్ ఇంటర్నల్‌ను, రాత పరీక్షను ముందు శాతాలుగా మార్చి, తరువాత ఆ శాతాలను సగటు చేస్తోంది. శాతంగా మార్చగానే 20 మార్కుల ఇంటర్నల్, 80 మార్కుల రాత పరీక్ష రెండూ వందకు వంద అయి సమానంగా నిలబడతాయి. అప్పుడు ఫైనల్ వందలో ఒక ఇంటర్నల్ మార్కు విలువ 2.5. ఒక బోర్డు మార్కు విలువ 0.625. అంటే ఒక ఇంటర్నల్ మార్కు నాలుగు బోర్డు మార్కులతో సమానం. బోర్డు పద్ధతిలో ఏ మార్కైనా ఒక మార్కే. ఇది అర్థమయ్యాక అబ్బాయి ఎందుకు పైకి వచ్చాడో వేరే చెప్పనక్కరలేదు. అతనికి అమ్మాయి కంటే ఇంటర్నల్‌లో 26 మార్కులు ఎక్కువ, బోర్డులో 45 తక్కువ. నాలుగింతలు చేస్తే 26 కాస్తా 104 అవుతుంది.

ఆ తండ్రి విషయంలో ఆగేది లేదని అదే రోజు హెడ్మాస్టర్‌తో మాట్లాడించాను. రాత పరీక్షలో 80కి కనీసం 28 రావాలి, వచ్చింది 22, కూడిక 35 దాటినా పాస్ కాదు, కావలసింది ఆరు మార్కులు అని మెమో మీదే వేలు పెట్టి చూపించారు. ఇంటర్నల్ 19 అలాగే ఉంటుంది. రీకౌంటింగు కట్టడం ఆయన హక్కు, వద్దని చెప్పలేదు. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దని మాత్రం చెప్పారు. ఆయన కట్టలేదు. కుర్రాడు జూన్‌లో రాసి గట్టెక్కాడు.

ఆపరేటర్ చేసిన మొదటి సవరణ

నేను రెండోసారి వెళ్లేసరికి ఆపరేటర్ సొంతంగా ఒక సవరణ చేసి ఉంచాడు. తెలివైన కుర్రాడు. "శాతాలు సగటు చేస్తే తప్పన్నరు గదా సార్, అందుకే శాతమే తీసేసిన. వచ్చిన మార్కులన్నీ కూడి, మొత్తం మార్కులతోని భాగించిన" అన్నాడు. వినడానికి ఇది సరైన పద్ధతే. చాలామంది టీచర్లు కూడా ఇదే సరి అంటారు.

లెక్కల్లో ఆ అమ్మాయి వరుస తీసుకుని వేసి చూపించాను. నాలుగు ఎఫ్ఏల్లో కలిపి 60, బోర్డులో 76. కూడితే 136. మొత్తం మార్కులు నాలుగు ఇరవైలు 80, బోర్డు 80, వెరసి 160. 136ను 160తో భాగిస్తే 85 శాతం. పాత సాఫ్ట్‌వేర్ కూడా సరిగ్గా 85 ఇచ్చింది. 75, 95 సగటు 85 కదా. మెమోలో మాత్రం 15, 76 కలిసి 91.

దశాంశంతో సహా ఒకే జవాబు రావడం చూసి అతను కాసేపు నమ్మలేదు. కారణం చిన్నదే. నాలుగు ఎఫ్ఏలనూ విడివిడిగా కూడితే ఇంటర్నల్ గరిష్ఠం 80 అయింది. బోర్డుదీ 80. మళ్లీ సగం సగమే. ఎవరూ బరువు ఇవ్వలేదు, గరిష్ఠ మార్కులే తమంతట తాము బరువులు అయిపోయాయి. "ఉన్నది ఉన్నట్టు కూడాం" అన్నప్పుడల్లా ఈ ప్రమాదం ఉంటుంది. ఎన్ని పరీక్షలు పెట్టారన్నదే ఫలితంలో వాటాను నిర్ణయిస్తుంది. ఐదో ఎఫ్ఏ పెట్టి ఉంటే ఇంటర్నల్ వాటా బోర్డును మించేది.

కాబట్టి క్రమం ఇదీ: నాలుగు ఎఫ్ఏలను ముందు ఒకే ఇరవైకి తేవాలి. ఆ తరువాతే బోర్డు మార్కుతో కూడాలి.

రెండో ప్రయత్నం: రిజిస్టర్ నుంచి మళ్లీ కట్టడం

సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టి ఎఫ్ఏ రిజిస్టర్ ముందేసుకుని ఎక్సెల్‌లో మొదటి నుంచీ కడదామన్నారు హెడ్మాస్టర్. ఆ దారి కూడా మెమోతో కలవలేదు. అయితే కలవకపోవడంలో మూడు రకాలు కనిపించాయి, మూడూ చెప్పుకోదగ్గవే.

మొదటిది సైన్సు. ఒక పాపకు సైన్సులో వందకు 104 వచ్చింది. అందరూ నవ్వారు గానీ నాకు అది వరంలా అనిపించింది. వంద దాటింది కాబట్టి తప్పు తెలిసింది. 70, 80 వచ్చిన వాళ్లలో అదే తప్పు ఎవరి కంటా పడేది కాదు. రిజిస్టర్‌లో ఫిజికల్ సైన్సుకు ఒక ఎఫ్ఏ, బయాలజీకి ఒక ఎఫ్ఏ విడివిడిగా, రెండూ ఇరవైకే ఉన్నాయి. 18, 19, రాత పరీక్ష 67, అన్నీ కూడితే 104. సైన్సు ఒక్కటే 120 మార్కుల సబ్జెక్టు అయి కూర్చుంది, 600 కాస్తా 620 అయింది.

రెండోది సగం మార్కులు. 17, 18, 17, 18 సగటు 17.5. ఎక్సెల్ గడిలో దశాంశాలు దాచిపెడితే 18 అని కనిపిస్తుంది, లోపల 17.5 ఉంటుంది. బోర్డుకు ఎక్కించింది 18. ఒక సబ్జెక్టులో ఈ తేడా తెలియదు. మూడు సబ్జెక్టుల్లో ఇలా ఉన్న పిల్లవాడికి మొత్తంలో మార్కున్నర తగ్గుతుంది, ర్యాంకు మారడానికి అది చాలు. కనిపించే అంకెలను చేత్తో కూడితే ఒక మొత్తం, ఎక్సెల్ చెప్పేది ఇంకో మొత్తం. ఇలా ఎక్కడైనా కనిపిస్తే మొదట రౌండింగు మీదే అనుమానపడాలి.

మూడోది ఆబ్సెంటు. ఒక అబ్బాయి సోషల్ వరుసలో 18, AB, 17, 19 అని ఉంది. ఎక్సెల్‌లోని AVERAGE అక్షరాలున్న గడిని వదిలేస్తుంది, కాబట్టి మిగిలిన మూడింటి సగటు 18 వచ్చింది. ఇంకో సెక్షన్‌లో ఆపరేటర్ AB బదులు సున్నా కొట్టాడు. అదే పద్ధతి ఇతనికీ వాడి ఉంటే 13.5 వచ్చేది. బోర్డుకు ఎక్కించిన మార్కు చూస్తే 18 కాదు, 14 కూడా కాదు, 17. తీగ లాగితే తేలిందేమిటంటే, సోషల్ టీచర్ తరువాత అతనికి మళ్లీ పరీక్ష పెట్టి 14 వేశారు. ఆ కాగితం జవాబు పత్రాల కట్టలోనే ఉండిపోయింది, రిజిస్టర్‌లోకి ఎక్కలేదు. 18, 14, 17, 19 కూడితే 68, సగటు 17.

పనిచేసింది

ఆ కాగితం దొరికాక ఒక నిర్ణయం తీసుకున్నాను. పదో తరగతికి ఎఫ్ఏలను మళ్లీ లెక్కించడం మానేద్దాం. బోర్డుకు ఎక్కించి, హెడ్మాస్టర్ సంతకం చేసి దాచిన ప్రింటు ఒకటి ఉంది. అందులో ప్రతి సబ్జెక్టుకూ ఒకే ఇంటర్నల్ మార్కు, సైన్సుకు కూడా ఒకటే. బోర్డు కూడింది ఆ మార్కునే. మనం రిజిస్టర్ నుంచి ఎంత శ్రద్ధగా లెక్క కట్టినా, ఆ ప్రింటుతో తేడా వస్తే ఫలితంలో నిలిచేది ప్రింటే. రిజిస్టర్‌ది సరైన మార్కు అని తేలినా, ఎక్కించేశాక మన ఎక్సెల్‌లో దిద్దుకుంటే మెమో మారదు.

హెడ్మాస్టర్‌కు ఇది మొదట నచ్చలేదు. "మరి రిజిస్టర్ ఎందుకు సార్ మనకు?" అని అడిగారు. ఎక్కించే ముందు సరిచూసుకోవడానికి. ఎక్కించిన మర్నాటి నుంచి అది ఆధారం మాత్రమే, మూలం కాదు.

షీటు చాలా చిన్నది. పై వరుసల్లో కనీస మార్కు, గరిష్ఠం, వాటా. కింద పిల్లలు. C నిలువు వరుస ఇంటర్నల్, D బోర్డు, E మొత్తం, F ఫలితం.

```
E6:  =IF(ISNUMBER(D6), C6/C$3*C$4 + D6/D$3*D$4, "AB")
F6:  =IF(ISNUMBER(D6), IF(AND(D6>=D$2, E6>=E$2), "P", "F"), "AB")
```

రెండో వరుసలో D2 అంటే 28, E2 అంటే 35. మూడో వరుసలో గరిష్ఠాలు 20, 80. నాలుగో వరుసలో వాటాలు, అవి కూడా 20, 80. ద్వితీయ భాషకు కనీస మార్కు తక్కువ కాబట్టి ఆ షీటులో రెండో వరుస వేరుగా ఉంటుంది.

గరిష్ఠమూ వాటా ఒకటే అయినప్పుడు భాగించి మళ్లీ గుణించడం ఎందుకని ఆపరేటర్ అడిగాడు. పదో తరగతికి నిజంగానే అవసరం లేదు, నేరుగా కూడినా అదే వస్తుంది. కానీ ప్రీఫైనల్ ఎవరైనా 100కు పెడితే, లేదా పద్ధతే మారితే, సూత్రం ముట్టుకోకుండా పై గడుల్లోని గరిష్ఠం, కనీస మార్కు, వాటా మార్చుకుంటే చాలు. పద్ధతి మారడం ఊహ కాదు. 2024 నవంబరులో ఇంటర్నల్ మార్కులు తీసేసి పూర్తిగా 100కు రాత పరీక్ష అని ప్రకటించారు, వెంటనే ఆ ఏడాదికి పాత పద్ధతే అని సవరించారు. సూత్రాల్లో 20, 80 అంకెలు నేరుగా రాసుకున్న వాళ్లు ఆ వారం రెండుసార్లు షీట్లన్నీ తెరిచారు.

ISNUMBER పెట్టడానికి ఒక కారణం ఉంది. ఎక్సెల్‌లో అక్షరాలను అంకెతో పోలిస్తే అక్షరాలే పెద్దవి అంటుంది. D గడిలో AB ఉంటే "AB 28 కంటే ఎక్కువా?" అన్నదానికి అవును అనే జవాబు వస్తుంది. పరీక్షకే రాని పిల్లవాడు ఆ గడప దాటేస్తాడు. ముందే అంకె అవునో కాదో అడిగితే ఈ బాధ లేదు.

పాస్ అన్నది మొత్తం మీద మాత్రమే కాకుండా బోర్డు మార్కు మీద కూడా విడిగా చూడాలన్నది ఈ సూత్రంలో అసలు కీలకం. మార్కులను వాటాలుగా మార్చి కలిపేశాక లోపలి భాగం కనిపించదు. 19, 22 కలిసి 41 అయ్యాక చూసేవాడికి 41 మాత్రమే కనిపిస్తుంది, పాస్ అనిపిస్తుంది. అందుకే కనీస మార్కు పరీక్ష ఎప్పుడూ కలపకముందున్న మార్కు మీదే.

సరిచూడటానికి తోచిన మెమోలు కాకుండా తప్పు దాగి ఉండే చోట్లవే తీయించాను: ఇంటర్నల్ బాగా ఎక్కువ, బోర్డు బాగా తక్కువ ఉన్నది, దానికి తిరగేసినది, మళ్లీ పరీక్ష రాసిన సోషల్ అబ్బాయిది, 104 వచ్చిన పాపది, తప్పిన కుర్రాడిది. ఐదూ మెమోతో అంకెకు అంకె కలిశాక మిగతావి పోల్చాం. మధ్యస్థంగా వచ్చిన పిల్లల మెమోలు పది చూసినా ఇంత తెలియదు, ఎందుకంటే ఇంటర్నల్ శాతం, బోర్డు శాతం దగ్గరగా ఉన్నవాళ్లకు తప్పు పద్ధతి కూడా దాదాపు సరైన జవాబే ఇస్తుంది. ఈ బడిలో తప్పు అన్నేళ్లు బతికింది కూడా అందుకే.

కరస్పాండెంట్ ప్రశ్న

కొత్త ర్యాంకులు చూసి కరస్పాండెంట్ ఒక మంచి ప్రశ్న వేశారు. "ఇప్పుడు ర్యాంకు మొత్తం బోర్డు మార్కుల వరసే వచ్చింది. ఇరవై శాతం వాటా ఉందన్నారు, అది ఏమైనట్టు?"

వాటా ఉంది, తేడా లేదు. ఈ బడిలో లెక్కల ఇంటర్నల్ ఒకరిద్దరికి తప్ప అందరికీ 17 నుంచి 20 మధ్యే. బోర్డు మార్కులు 22 నుంచి 78 దాకా. ఇంటర్నల్ వల్ల ఇద్దరి మధ్య వచ్చే దూరం మహా అయితే 3, బోర్డు వల్ల 56. అందరికీ దాదాపు ఒకే మార్కు వేస్తే ఆ మార్కు అందరినీ పైకి లేపుతుంది కానీ ఎవరినీ ఎవరి నుంచీ వేరు చేయదు. కాగితం మీది వాటా ఒకటి, ర్యాంకును కదిలించే బలం ఇంకొకటి. ఆ బలం మార్కులు ఎంత విస్తరించి ఉన్నాయన్న దాన్ని బట్టి వస్తుంది.

బీఎడ్‌లో గణాంకాలు బాగా చదివిన ఒక టీచర్, అయితే రెండింటినీ సగటు, ప్రామాణిక విచలనంతో సరిచేసి కలుపుదాం, అప్పుడు ఇరవై శాతం నిజంగా ఇరవై శాతంలా పనిచేస్తుందన్నారు. లెక్కగా ఆ మాట తప్పు కాదు. నేను వద్దన్నాను. 17కూ 20కీ మధ్య తేడా ఇక్కడ చాలావరకు ఏ టీచర్ చెయ్యి ఎంత ధారాళం అన్నదే. దాన్ని సాగదీస్తే పిల్లల తేడా కాదు, టీచర్ల తేడా పెద్దదవుతుంది. పైగా ఇంటికి వెళ్లే కార్డు మెమోతో కలవాలి. కలవకపోతే ఇంకో తండ్రి రెండు కాగితాలు పట్టుకుని వస్తాడు.

ఇరవైని సాగదీస్తే ఏమవుతుందో 2020లో రాష్ట్రమంతా చూసింది. కరోనా వల్ల పరీక్షలు రద్దయి, ఎఫ్ఏల ఇంటర్నల్ మార్కును ఐదింతలు చేసి 100కు మార్చి గ్రేడ్లు ఇచ్చారు. ఆ పరిస్థితిలో వేరే దారి లేదు. కానీ 18 వచ్చినవాడు 90, 19 వచ్చినవాడు 95 అవుతారు, మధ్యలో ఏ మార్కూ పుట్టదు. గరిష్ఠం పెంచితే కొత్త సమాచారం రాదు, ఉన్న ఒక్క మార్కు తేడా ఐదు మార్కులుగా కనిపిస్తుంది.

తొమ్మిదో తరగతి

పదిలో మెమో ఉంది కాబట్టి తప్పు దొరికింది. అదే సాఫ్ట్‌వేర్ ఆరు నుంచి తొమ్మిది దాకా కార్డులు ఇస్తోంది. అక్కడ పోల్చడానికి బయటి కాగితం లేదు. తొమ్మిదో తరగతి షీటు అదే నమూనాలో, ఎఫ్ఏల సగటు ఇరవై, వార్షిక పరీక్ష ఎనభైగా కట్టాం.

కట్టేముందు ప్రతి నిలువు వరుసలో గరిష్ఠ అంకె చూశాం. బి సెక్షన్ ఇంగ్లిష్ మూడో ఎఫ్ఏలో 24 ఉంది, ఇరవైకి. ఆపరేటర్ దాన్ని టైపింగ్ తప్పనుకుని 14గా దిద్దబోయాడు. ఆపి, ఆ సెక్షన్ నాలుగు ఎఫ్ఏల సగటులు తీయమన్నాను. మిగతా మూడూ 15 దగ్గర, ఇదొక్కటి 19 దగ్గర. ఒక్కడి మార్కు తప్పు పడితే సగటు ఇంత కదలదు. వరుస మొత్తం వేరే గరిష్ఠానికి వేసినట్టుంది. టీచర్‌ను అడిగితే స్లిప్ టెస్టు 5కు బదులు 10కి పెట్టారట. మొత్తం 25 అయింది.

ఇక్కడ అందరూ అనేది, వరుస మొత్తాన్ని 25 నుంచి 20కి తగ్గిద్దాం అని. ఒక పిల్లవాడిని తీసుకుని చూశాం. భాగస్వామ్యం 5, రాత పని 5, ప్రాజెక్టు 5, స్లిప్ టెస్టు 10కి 4. మొత్తం 19. 25 నుంచి 20కి తగ్గిస్తే 15.2. కానీ తప్పు జరిగింది స్లిప్ టెస్టులో ఒక్కచోటే. దాన్నొక్కదాన్ని 10 నుంచి 5కు తగ్గిస్తే 2, మిగతా మూడు ఐదులు కలిపి 17. ఎక్కడ గరిష్ఠం మారిందో అక్కడే దిద్దాలి. పైన దిద్దితే ఆ పిల్లవాడు సరిగ్గా చేసిన మూడు పనుల మార్కులు కూడా కోతపడతాయి. స్లిప్ టెస్టు బాగా రాసినవాళ్లకు దీనికి రివర్స్‌లో ఊరికే లాభం వస్తుంది. అదృష్టం, టీచర్ దగ్గర నాలుగు భాగాల మార్కులూ విడిగా రాసి ఉన్నాయి.

మిగిలిపోయింది

2025 పదో తరగతి కార్డులు, తొమ్మిదో తరగతి కార్డులు మళ్లీ అచ్చు వేసి ఇచ్చారు. ఫ్లెక్సీ మార్చారు. అంతకుముందు ఏళ్ల కార్డులను కూడా సరిచేయమని కరస్పాండెంట్ అడిగారు, అది కుదరలేదు. సాఫ్ట్‌వేర్ పాత ఏళ్లకు చివరి శాతం ఒక్కటే దాచింది, విడి మార్కులు కాదు. 61.25 నుంచి వెనక్కి వెళ్లే దారి లేదు. ఇంటర్నల్ 19, రాత పరీక్ష 22 అయినా 61.25 వస్తుంది, ఇంటర్నల్ 15, రాత పరీక్ష 38 అయినా 61.25 వస్తుంది. మొదటివాడు తప్పాడు, రెండోవాడు 53తో పాసయ్యాడు. ఏ అంకె ఎవరిదో ఇప్పుడు చెప్పలేం. 2025 నుంచి ఎక్కించిన ఇంటర్నల్ ప్రింటును, విడి మార్కుల ఫైలును కలిపి ఆఫీసు బీరువాలో ఉంచుతున్నారు. పాత శాతాలకు సంబంధించి ఎవరైనా అడిగితే మెమో చూసుకోమని చెప్పాలని హెడ్మాస్టర్ ఆపరేటర్‌కు రాసిచ్చారు.